బెర్నౌలీ లెక్కలో సెక్షన్ ఎక్కడ పెట్టాలి? అజంప్షన్లు ఎందుకు రాయాలి?

బెర్నౌలీ సమీకరణం మెకానికల్ విద్యార్థులందరికీ నోటికి వస్తుంది. అయినా పాత పేపర్లలోని ప్రెషర్, వెలాసిటీ లెక్కల్లో మార్కులు పోతూనే ఉంటాయి. పోయేది సమీకరణం దగ్గర కాదు. దాన్ని ఏ రెండు చోట్ల రాయాలో తేల్చుకునే దగ్గర. సెక్షన్లు సరిగ్గా పడితే మిగతాదంతా కూడికలు, తీసివేతలే. తప్పుగా పడితే ఎన్ని పేజీలు రాసినా జవాబు రాదు, లేదా నిజంలాగే కనబడే తప్పు జవాబు వస్తుంది. రెండోదే ఎక్కువ ప్రమాదం.

ముందు ఒక తేలిక ప్రశ్న చూద్దాం. పాత పేపర్లలో ఇలాంటివి కొల్లలు.

నిలువుగా నిలబెట్టిన టేపర్ పైపు. కింది చివర వ్యాసం 200 మి.మీ., పై చివర 100 మి.మీ., రెండింటి మధ్య ఎత్తు 3 మీటర్లు. సెకనుకు 30 లీటర్ల నీరు పారుతోంది. కింది చివర గేజ్ ప్రెషర్ చదరపు సెంటీమీటరుకు 1.5 కేజీ. పై చివర ప్రెషర్ ఎంత?

ఇక్కడ సెక్షన్లు ఎక్కడో ప్రశ్నే చెప్పేసింది. కింది చివర 1, పై చివర 2. కంటిన్యుయిటీ ప్రకారం డిశ్చార్జ్‌ను వైశాల్యంతో భాగిస్తే కింద వెలాసిటీ 0.955, పైన 3.82 మీటర్లు/సెకను వస్తాయి. వ్యాసం సగమైతే వెలాసిటీ నాలుగింతలవుతుంది, వెలాసిటీ హెడ్ పదహారింతలవుతుంది. ఈ ఒక్క సరిచూపు చాలా కాలిక్యులేటర్ తప్పుల్ని అక్కడికక్కడే పట్టిస్తుంది. హెడ్‌లు 0.046, 0.744 మీటర్లు. పదహారింతలే, సరిపోయింది.

అసలు మెలిక ప్రెషర్ యూనిట్‌లో ఉంది. పాత ఎం.కె.ఎస్. పేపర్లలో చదరపు సెంటీమీటరుకు ఇన్ని కేజీలు అంటే ఆ కేజీ ద్రవ్యరాశి కాదు, బలం. ఘనపు మీటరు నీటి బరువు కూడా అదే లెక్కలో 1000 కేజీల బలం. కాబట్టి 1.5 కేజీ అంటే సరిగ్గా 15 మీటర్ల నీటి హెడ్. కొందరు దాన్ని చదరపు మీటరుకు 15000 కేజీలుగా మార్చి, అలవాటు కొద్దీ 9810తో భాగిస్తారు. హెడ్ 1.53 మీటర్లు వస్తుంది. పాత కేజీ పైన, ఎస్.ఐ. యూనిట్ కింద పడిందన్నమాట. అలా ముందుకెళితే పై చివర ప్రెషర్ మైనస్ 2.17 మీటర్లు అవుతుంది. పైపులో వాక్యూమ్ ఉందని రాసి సంతకం పెట్టినట్టే. సరైన లెక్క ఇది:

```
p2/ρg = 15 + 0.046 - 0.744 - 3 = 11.30 m
```

అంటే 1.13 కేజీ, ఎస్.ఐ.లో సుమారు 110.9 కిలోపాస్కల్.

ఇప్పుడు ఇదే ప్రశ్నకు ఒక ముక్క కలుపుదాం: రెండు చివరల మధ్య హెడ్ లాస్ 0.8 మీటర్లు. నీరు ఎటు పారుతోంది? లాస్ లేనప్పుడు ఆ ప్రశ్నే పుట్టలేదు. పైకి పారినా కిందికి పారినా రెండు చోట్లా టోటల్ హెడ్ 15.046 మీటర్లే. లాస్ వచ్చిందంటే మాత్రం దిశ చెప్పాల్సిందే. పైకి పారుతుంటే పై చివర హెడ్ నుంచి 0.8 తీసేయాలి, ప్రెషర్ 10.50 మీటర్లు అవుతుంది. కిందికి పారుతుంటే పై చివరే ప్రవాహానికి మొదలు, అక్కడ 0.8 ఎక్కువ ఉండాలి, 12.10 మీటర్లు అవుతుంది. తేడా మీటరున్నర పైనే. ప్రశ్న దిశ చెప్పకపోతే, ‘ప్రవాహం కింది నుంచి పైకి అనుకుంటున్నాను’ అని సమాధానంలో మొదటి వాక్యంగా రాయాలి. అజంప్షన్ అంటే ఇదీ. సమీకరణంలోని ఒక పదం గుర్తును, విలువను తేల్చే వాక్యం. ఏ పదాన్నీ తాకని అజంప్షన్ రాసినా రాయకపోయినా ఒకటే.

ప్రశ్న సెక్షన్లు చెప్పనప్పుడే అసలు పని మొదలవుతుంది. అందుకు సైఫన్‌ను మించిన ఉదాహరణ లేదు.

ఒక పెద్ద ట్యాంకు నుంచి 50 మి.మీ. వ్యాసం గల సైఫన్ పైపుతో నీరు బయటికి తీస్తున్నారు. పైపు మూతి ట్యాంకులో నీటిమట్టానికి 1.5 మీటర్ల కింద ఉంది. పైపు శిఖరం నీటిమట్టానికి 2 మీటర్ల పైన, బయటి చివర 3 మీటర్ల కింద. పైపు మొత్తం పొడవు 15 మీటర్లు, అందులో శిఖరం దాకా 5 మీటర్లు. ఫ్రిక్షన్ ఫ్యాక్టర్ 0.02. డిశ్చార్జ్ ఎంత? శిఖరం దగ్గర ప్రెషర్ ఎంత?

బొమ్మ గీసి చూస్తే కంటికి ముందు తగిలేవి పైపు మూతి, శిఖరం, చివర. చాలామంది మొదటి సెక్షన్‌ను పైపు మూతి దగ్గర పెడతారు. అక్కడ లోతు 1.5 మీటర్లు కాబట్టి ప్రెషర్ హెడ్ 1.5 అని రాస్తారు. పైపు అంతా ఒకే వ్యాసం కాబట్టి వెలాసిటీ అంతటా ఒకటే అని కూడా రాస్తారు. లాస్‌ను కాసేపు పక్కన పెట్టి, ట్యాంకు నీటిమట్టాన్ని డేటమ్‌గా తీసుకుని మూతి నుంచి చివరకు సమీకరణం రాసి చూడండి:

```
1.5 + v²/2g - 1.5 = 0 + v²/2g - 3
0 = -3
```

ఇలాంటి వరస వచ్చిందంటే కూడికలు మళ్లీ చేసి లాభం లేదు. తప్పు సెక్షన్‌లో ఉంది. 1.5 మీటర్ల హెడ్ నిలకడగా ఉన్న నీటికి చెల్లుతుంది, మూతికి దూరంగా. మూతి లోపలికి వచ్చేసరికి నీరు వేగం అందుకుంటుంది, ఆ వేగం ఖరీదు ప్రెషర్‌లోంచే కట్టాలి. ఒకే సెక్షన్‌కు ట్యాంకు ప్రెషర్‌నూ పైపు వెలాసిటీనీ కలిపి అంటగట్టడమే ఇక్కడ జరిగిన పొరపాటు.

మరి ఎక్కడ పెట్టాలి? రెండు విషయాలు చూసుకోవాలి. మొదటిది, ఆ చోట ప్రెషర్, వెలాసిటీ, ఎత్తు ఈ మూడింట్లో వీలైనన్ని ముందే తెలిసి ఉండాలి. ట్యాంకు నీటిమట్టం మీద మూడూ తెలుసు: గేజ్ ప్రెషర్ సున్నా, వెలాసిటీ దాదాపు సున్నా, ఎత్తు సున్నా. గాల్లోకి పారే పైపు చివర ప్రెషర్ సున్నా, ఎత్తు మైనస్ 3, తెలియనిది వెలాసిటీ ఒక్కటే. సమీకరణం ఒకటి, తెలియనిది ఒకటి. శిఖరం దగ్గర ప్రెషరూ తెలియదు, వెలాసిటీ కూడా తెలియదు. అందుకే ప్రశ్న శిఖరం గురించి అడిగినా మొదటి సమీకరణం అక్కడ రాయకూడదు. ముందు మట్టం నుంచి చివరకు రాసి వెలాసిటీ పట్టుకోవాలి. ఆ తర్వాతే శిఖరం.

రెండోది, ఆ సెక్షన్ దగ్గర స్ట్రీమ్‌లైన్లు వంపు లేకుండా తిన్నగా, ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. అలా ఉంటేనే సెక్షన్ అంతటా ప్రెషర్ హెడ్, ఎత్తు కలిపిన మొత్తం ఒకటే ఉంటుంది, సెంటర్‌లైన్ మీద తీసుకున్న ఒక్క విలువ సెక్షన్ మొత్తానికీ సరిపోతుంది. పదునైన అంచున్న ఆరిఫైస్ లెక్కల్లో సెక్షన్‌ను రంధ్రం దగ్గర కాకుండా వీనా కాంట్రాక్టా దగ్గర ఎందుకు పెడతారో దీన్నిబట్టి అర్థమవుతుంది. రంధ్రంలో నీరు ఇంకా లోపలికి ముడుచుకుంటూనే ఉంటుంది, ధార మధ్యలో ప్రెషర్ అట్మాస్ఫియర్ కంటే ఎక్కువే. కొద్ది దూరం పోయాక ధార రంధ్రం వైశాల్యంలో సుమారు 0.62 వంతుకు సన్నబడి, సమాంతరం అవుతుంది. గేజ్ ప్రెషర్ సున్నా అని ధైర్యంగా రాయగలిగేది అక్కడే. సైఫన్ శిఖరం కూడా వంపే కదా అనే సందేహం రావచ్చు. నిజమే. పైపు వ్యాసంతో పోలిస్తే వంపు వ్యాసార్థం పెద్దదైతే ఆ ప్రభావం చిన్నది. లెక్క ఇచ్చేది సెంటర్‌లైన్ ప్రెషర్ అనుకుని ముందుకెళ్లాలి.

ఇప్పుడు లెక్క. లాస్‌లు రెండు: మూతి దగ్గర వెలాసిటీ హెడ్‌లో సగం, పైపు పొడవునా ఫ్రిక్షన్. ఫ్రిక్షన్ గుణకం 0.02 × 15 / 0.05, అంటే 6.

```
3 = (1 + 0.5 + 6) v²/2g
v²/2g = 0.4 m
v = 2.80 m/s,  Q = 5.50 l/s
```

వెలాసిటీ హెడ్ చేతికొచ్చాక శిఖరం ప్రెషర్ ఒక్క వరసలో తేలిపోతుంది. శిఖరం దాకా పొడవు 5 మీటర్లు కాబట్టి ఫ్రిక్షన్ గుణకం 2.

```
p/ρg = -2 - (1 + 0.5 + 2) × 0.4 = -3.4 m
```

గేజ్‌లో సుమారు మైనస్ 33.4 కిలోపాస్కల్. సరిచూసుకోవాలంటే శిఖరం నుంచి చివరకు వాడకుండా మిగిలిన సమీకరణం ఉండనే ఉంది. శిఖరం దగ్గర టోటల్ హెడ్ −3.4 + 2 + 0.4, అంటే −1.0. చివర −3 + 0.4, అంటే −2.6. తేడా 1.6. మిగిలిన 10 మీటర్ల పైపులో ఫ్రిక్షన్ 4 × 0.4, అదీ 1.6. ఈ రెండు వరసలు రాయడానికి అరనిమిషం పడుతుంది.

లాస్‌లు వదిలేస్తే ఏమవుతుంది? వెలాసిటీ 7.67 మీటర్లు, డిశ్చార్జ్ సెకనుకు 15 లీటర్లు, అసలు విలువకు దాదాపు మూడింతలు. శిఖరం ప్రెషర్ మైనస్ 5 మీటర్లు. లాస్ ఉంటే వాక్యూమ్ పెరగాలి కదా, తగ్గిందేమిటని చాలామంది ఇక్కడ ఆగిపోతారు. ఫ్రిక్షన్ ముందు వేగాన్ని చంపేస్తుంది, వేగం తగ్గితే వెలాసిటీ హెడ్ 3 నుంచి 0.4కు పడిపోతుంది. ఆ లాభం ముందు శిఖరం దాకా పోయిన 1.0 మీటరు లాస్ చిన్నది. అదే ఫ్రిక్షన్ ఎక్కువగా శిఖరానికి ముందు భాగంలోనే ఉండి ఉంటే కథ వేరు. అందుకే ప్రశ్నలో శిఖరం దాకా పొడవును విడిగా ఇస్తారు. ఇచ్చిన ఆ అంకెను వాడకుండా జవాబు వచ్చిందంటే ఏదో ఒక పదం రాలిపోయినట్టే.

ఫ్రిక్షన్ గుణకం దగ్గర మరో గుంట ఉంది. మన దగ్గర వాడే చాలా పుస్తకాల్లో ఫ్రిక్షన్ లాస్ `4fLv²/2gd`. మిగతా చోట్ల `fLv²/2gd`. మొదటి దాంట్లో ఎఫ్ కోఎఫిషెంట్ ఆఫ్ ఫ్రిక్షన్, రెండో దాంట్లో ఫ్రిక్షన్ ఫ్యాక్టర్. రెండోది మొదటిదానికి నాలుగింతలు. పేపరు ఒకరు తయారుచేసి, విద్యార్థి మరో పుస్తకం చదివి ఉంటే గొడవ ఖాయం. మన సైఫన్‌లో 0.02ను నాలుగుతో మళ్లీ గుణిస్తే డిశ్చార్జ్ 5.50 నుంచి 2.98 లీటర్లకు పడిపోతుంది. ప్రశ్న పేరు చెప్పకుండా ఎఫ్ విలువ మాత్రమే ఇస్తే అంకె చూసి పోల్చుకోవాలి. మామూలు పైపులో నీటి టర్బులెంట్ ప్రవాహానికి ఫ్రిక్షన్ ఫ్యాక్టర్ సుమారు 0.015 నుంచి 0.04 మధ్య ఉంటుంది. అందులో నాలుగో వంతు, అంటే 0.004 నుంచి 0.01 మధ్య ఇచ్చారంటే అది కోఎఫిషెంట్. ఏది అనుకున్నారో ఫార్ములాతో సహా ఒక వరస రాసేస్తే దిద్దేవారికి వాదించే అవకాశం ఉండదు.

ఇదే సైఫన్ గాల్లోకి కాకుండా కింది ట్యాంకులోకి పారుతోందనుకుందాం. కింది ట్యాంకు నీటిమట్టం పై మట్టానికి 3 మీటర్ల కింద, పైపు చివర ఆ నీటిలో ఇంకో మీటరు లోతున మునిగి ఉంది. సౌలభ్యానికి పైపు పొడవు 15 మీటర్లే అనుకుందాం. రెండో సెక్షన్ ఎక్కడ? రెండు చోట్లు చెల్లుతాయి, కలిపి వాడటం చెల్లదు.

కింది నీటిమట్టం మీద పెడితే ప్రెషర్ సున్నా, వెలాసిటీ సున్నా, ఎత్తు మైనస్ 3. కానీ పైపు చివరకూ ఆ మట్టానికీ మధ్య నీరు తన వెలాసిటీ హెడ్ మొత్తాన్నీ సుడుల్లో పోగొట్టుకుంటుంది, అదే ఎగ్జిట్ లాస్. గుణకం 1. మొత్తం 0.5 + 6 + 1, మళ్లీ 7.5. రెండో దారి, సెక్షన్‌ను పైపు చివరే పెట్టడం. అక్కడ ప్రెషర్ హెడ్ 1 మీటరు, ఎత్తు మైనస్ 4, వెలాసిటీ హెడ్ ఉంది, ఎగ్జిట్ లాస్ ఇంకా జరగలేదు. మళ్లీ అదే 7.5, అదే 5.50 లీటర్లు. పొరపాటు ఎక్కడంటే, సెక్షన్‌ను పైపు చివర పెట్టి వెలాసిటీ హెడ్ రాసి, ఎందుకైనా మంచిదని ఎగ్జిట్ లాస్ కూడా కలపడం. గుణకం 8.5 అవుతుంది, డిశ్చార్జ్ 5.17 లీటర్లు వస్తుంది. తేడా ఆరు శాతమే. చూడ్డానికి జవాబు బాగానే ఉంటుంది, అందుకే ఇది దొరకదు. కాబట్టి లాస్ రాసే ముందు ఒకటే అడగాలి: ఇది నేను గీసిన రెండు గీతల మధ్య జరిగిందా, బయట జరిగిందా? పంపు ఉన్న లెక్కల్లో కూడా ఇదే ప్రశ్న. రెండు సెక్షన్ల మధ్య పంపు ఉంటే దాని హెడ్ కలపాలి. సంప్ మట్టం నుంచి సక్షన్ ఫ్లాంజ్ దాకా రాసిన సమీకరణంలో పంపు ఇంకా రాలేదు, దాని హెడ్‌కు అక్కడ చోటు లేదు.

అజంప్షన్లకు మళ్లీ వద్దాం. ప్రతి జవాబు పైనా ‘స్టెడీ, ఇన్‌కంప్రెసిబుల్, నాన్‌విస్కస్, ఇర్రొటేషనల్’ అని మంత్రంలా రాయడం ఒక అలవాటైపోయింది. మన సైఫన్‌లో 6 అనే ఫ్రిక్షన్ గుణకం వాడి, పైన నాన్‌విస్కస్ అని రాస్తే ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. ఈ లెక్కకు అసలు కావాల్సినవి కొన్నే. ట్యాంకు పెద్దది, మట్టం మారదు, అందుకే మట్టం మీద వెలాసిటీ సున్నా, ప్రవాహం స్టెడీ. ప్రెషర్లన్నీ గేజ్‌లో. ఎంట్రీ లాస్ 0.5, వంపుల లాస్ లెక్కలోకి తీసుకోలేదు. కైనెటిక్ ఎనర్జీ కరెక్షన్ 1. చివరిదాన్ని రెనాల్డ్స్ నంబరుతో సమర్థించుకోవచ్చు: 2.8 × 0.05ను నీటి కైనమాటిక్ విస్కాసిటీతో, అంటే పదిలక్షల్లో ఒక వంతుతో భాగిస్తే 1,40,000. పూర్తిగా టర్బులెంట్, 1 అనుకోవడం బాగానే చెల్లుతుంది. చిక్కటి నూనె సన్న పైపులో లామినార్‌గా పారే ప్రశ్నలో ఈ కరెక్షన్ 2. అక్కడ నోరు మెదపకుండా 1 వేసుకుంటే తప్పు.

‘ట్యాంకు పెద్దది’ అన్న మాటకు కూడా ఒక హద్దు ఉంది. ట్యాంకు వ్యాసం 1 మీటరైతే మట్టం దిగే వేగం పైపు వెలాసిటీలో 400వ వంతు. హెడ్‌లో చూస్తే లక్షా అరవై వేలవ వంతు, వదిలేయొచ్చు. కానీ కొన్ని ప్రశ్నల్లో సిలిండర్ వ్యాసం నాజిల్ వ్యాసానికి రెండింతలే ఉంటుంది. అక్కడ పై వెలాసిటీ కింది దాంట్లో నాలుగో వంతు, హెడ్‌లో పదహారో వంతు. లాస్ లేకుండా చూసినా, దాన్ని వదిలేస్తే నాజిల్ వెలాసిటీ మూడు శాతానికి పైగా తక్కువ వస్తుంది. ప్రశ్న రెండు వ్యాసాలూ ఇచ్చిందంటే కంటిన్యుయిటీ వాడమని చెప్పినట్టే.

సైఫన్ ప్రశ్నలో చివరి చిన్న భాగం తరచుగా ఇలా ఉంటుంది: శిఖరాన్ని ఎంత ఎత్తు దాకా పెంచవచ్చు? ఇక్కడిదాకా గేజ్‌లో నడిచిన లెక్క ఇక్కడ అబ్సల్యూట్‌లోకి మారుతుంది. నీటిలో కరిగిన గాలి విడివడి సైఫన్ తెగకుండా పుస్తకాల్లో సాధారణంగా 2.5 మీటర్ల అబ్సల్యూట్ హెడ్‌ను హద్దుగా తీసుకుంటారు. అట్మాస్ఫియర్ 10.3 మీటర్లు అనుకుంటే శిఖరం దగ్గర గేజ్‌లో మైనస్ 7.8 దాకా పోవచ్చు. వెలాసిటీ హెడ్, ఎంట్రీ, ఫ్రిక్షన్ కలిపి 1.4 పోగా మిగిలేది 6.4 మీటర్లు. అయితే శిఖరం 6.4 మీటర్ల పైన, మూతి 1.5 మీటర్ల కింద ఉంటే ఆ కాలికే కనీసం 7.9 మీటర్ల పైపు కావాలి, 5 మీటర్లు సరిపోదు. కాబట్టి ‘పొడవులు మారలేదు’ అన్న అజంప్షన్ ఇక్కడ కాగితం మీదే నిలుస్తుంది. పొడవు పెంచి లెక్క తిరిగి చేస్తే ఎత్తు కొంచెం మారుతుంది. 10.3 అన్నది కూడా సముద్రమట్టం దగ్గరి అంకె. విశాఖపట్నంలో అది బాగానే సరిపోతుంది. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాద్‌లో అట్మాస్ఫియర్ సుమారు 9.7 మీటర్లే, అదే పైపుకు అక్కడ వచ్చే జవాబు 5.8 మీటర్లు.